పార్టీ ఫొటోలో గ్రెయిన్ తగ్గాలి, ముఖాలు మిగలాలి

రాత్రిపూట చాలీచాలని వెలుతురులో తీసిన గ్రూప్ ఫొటోలో గరుకుదనం పోగొట్టడానికి చాలా ఎడిటింగ్ యాప్‌లలో ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని సగం దాకా జరిపితే గోడ నున్నబడుతుంది, ఆకాశం నున్నబడుతుంది, వాటితోపాటు ముఖాలూ నున్నబడతాయి. కళ్ళు, పళ్ళు మాత్రం పదునుగా ఉండి, చెంపలు, నుదురు, గడ్డం మైనం పోసినట్టు ఉండే ఫొటోలు డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి ఆల్బమ్‌లలో కూడా కనిపిస్తూనే ఉన్నాయి.

చాలామంది దీన్ని మోతాదు సమస్యగా చూస్తారు. ఇరవై పెట్టాలా, నలభై పెట్టాలా అని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. కంటికి ఇబ్బందిగా ఉన్నది రంగుల మచ్చలా, వెలుగునీడల గరుకా అన్నది ఒకటి. ఫొటోలో ఏ భాగం ఎంత నునుపును భరిస్తుంది అన్నది రెండోది. ముఖానికి సరిపడే మోతాదు వెనకాల గోడకు చాలదు. గోడకు సరిపడే మోతాదు ముఖానికి ఎక్కువైపోతుంది. ఫొటో మొత్తానికీ ఒకే అంకె పెట్టినంతకాలం ఈ తగువు తెగదు.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. డాబా మీద పుట్టినరోజు పార్టీ. కేకు కోశాక ఆరుగురు స్నేహితులు పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డారు. వెలుతురు చాలా మటుకు తలల మీదుగా కట్టిన పసుపు బల్బుల తీగ నుంచి వస్తోంది. ఎడమ చివర స్పీకర్ దగ్గర ఊదారంగు ఎల్‌ఈడీ ఒకటి తిరుగుతోంది. 24 మెగాపిక్సెళ్ల మిర్రర్‌లెస్ కెమెరా, ఎఫ్/2.8, సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 6400, రా ఫైలు. తెరిచి చూస్తే ఫొటో ఇంకా ఒక స్టాప్ చీకటిగానే ఉంది, అంటే కావాల్సిన వెలుగులో సగమే ఉంది. ఎడిట్ చేసేది లైట్‌రూమ్ క్లాసిక్‌లో. ఫోన్‌లో తీసిన జేపెగ్ అయితే దారి కొంత వేరు, దాని సంగతి తర్వాత వస్తుంది.

గరుకు ఎక్కడి నుంచి వస్తుంది

ఐఎస్‌ఓ పెంచడం వల్లే నాయిస్, అంటే ఈ గరుకు, వస్తుందని ఒక నమ్మకం ఉంది. అసలు కారణం కాంతి చాలకపోవడం. కాంతి సెన్సర్ మీద ఫోటాన్లుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చి పడుతుంది. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు అందితే ఆ సంఖ్యలో సహజంగా ఉండే హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత, అంటే 100. వెలుగులో అది ఒక శాతం తేడా, కంటికి ఆనదు. అదే పిక్సెల్‌కు 100 ఫోటాన్లే అందితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. పక్కపక్కనే ఉన్న రెండు పిక్సెళ్లు ఒకే చెంపను చూస్తున్నా ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా తేలడం ఇందుకే. ఐఎస్‌ఓ ఆ కొద్దిపాటి సంకేతాన్ని పెంచి చూపిస్తుంది, దాంతోపాటు హెచ్చుతగ్గూ పెరిగి కనిపిస్తుంది. మన ఫొటోను ఎడిటింగ్‌లో మరో స్టాప్ వెలిగిస్తే ఐఎస్‌ఓ 12800లో తీసినంత గరుకు కళ్ళబడుతుంది.

ఈ లెక్క నుంచి గ్రూప్ ఫొటోల్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం ఒకటి బయటపడుతుంది. ఒకే బల్బు కింద ఆరుగురు నిలబడినా ఆరుగురి ముఖాల్లో నాయిస్ ఒకే మోతాదులో ఉండదు. చామనఛాయ ముఖం తెల్లని ముఖంతో పోలిస్తే సగం కాంతినే తిప్పి పంపుతోందనుకుంటే, ఆ ముఖంలో నాయిస్ పాలు దాదాపు 1.4 రెట్లు. బల్బుకు దూరంగా చివర నిలబడిన మనిషికి అంతకన్నా ఎక్కువ. ఫొటో మొత్తానికి సగటు చూసి నునుపు చేసే పనిముట్టు తెల్లటి ముఖాన్ని అవసరానికి మించి అరగదీస్తుంది, నల్లటి ముఖంలో గరుకును వదిలేస్తుంది. నల్లటి ముఖాన్ని చూసి స్లైడర్ పెంచితే మిగతా ఐదుగురి ముఖాలు పోతాయి. మన దగ్గర ఏ నలుగురు స్నేహితులను నిలబెట్టినా ఇన్ని ఛాయలుంటాయి కాబట్టి ఒకే అంకెతో పని జరగదన్న మాట ఇక్కడ మరింత నిజం.

రెండో సంగతి రంగులది. సెన్సర్ మీద పిక్సెళ్లలో సగం ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని చూస్తాయి. పసుపు బల్బు వెలుతురు 2,700, 3,000 కెల్విన్ల మధ్య ఉంటుంది. అందులో నీలం చాలా తక్కువ. చర్మం కూడా నీలాన్ని తక్కువగానే తిప్పి పంపుతుంది. అందుచేత నీలం పిక్సెళ్లు దాదాపు ఖాళీ కడుపుతో ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ సరిచేసి ముఖాన్ని మామూలు రంగుకు తేవాలంటే సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్నే అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చవేయాలి. చెంపల మీద కనిపించే నీలం, ఊదా, పచ్చ మచ్చలు చాలావరకు ఈ హెచ్చింపులో పుట్టినవే.

కాబట్టి మొదటి నాయిస్ తగ్గింపు నాయిస్ స్లైడర్ దగ్గర జరగదు, వైట్ బ్యాలెన్స్ దగ్గర జరుగుతుంది. తెల్ల చొక్కాను పూర్తిగా తెల్లగా చేయాలన్న పట్టుదల మానేయాలి. మన ఫొటోలో చొక్కా మీద డ్రాపర్ పెడితే Temp 2,750 దగ్గర ఆగిందనుకుందాం. దాన్ని 3,200 దాకా జరిపితే ఫొటోకు కాస్త పసుపు ఛాయ మిగులుతుంది, నీలం హెచ్చింపు తగ్గుతుంది, రంగు మచ్చలు ఇంకా ఏ పనిముట్టూ ముట్టుకోకముందే పలచబడతాయి. పైగా రాత్రి బల్బుల కింద జరిగిన పార్టీ పట్టపగలు తీసినట్టు కనిపించాల్సిన అవసరమూ లేదు.

ఊదా ఎల్‌ఈడీ పడిన ఎడమ చివరి మనిషి పరిస్థితి వేరు. ఆ దీపంలో ఎరుపు, నీలం మాత్రమే ఉన్నాయి. ఆకుపచ్చ పిక్సెళ్లకు అందింది చాలా తక్కువ. చర్మం వివరం ఎక్కువగా మోసేది ఆకుపచ్చే కాబట్టి ఆ సగం ముఖంలో వివరం సరిగా నమోదు కాలేదు. దాన్ని మామూలు చర్మం రంగుకు లాక్కురావాలని చూస్తే బూడిదరంగు మచ్చలు వస్తాయి. ఊదాను ఊదాగా ఉంచడమో, ఫొటో మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చడమో చేయాలి. మూడో దారి ఉన్నట్టు నటించే ట్యుటోరియళ్లు చాలానే ఉన్నాయి.

రంగును గట్టిగా, వెలుగును మెల్లగా

ఫొటోలో సమాచారం రెండు పొరలుగా ఉంటుందని అనుకోవచ్చు. ఎంత వెలుగు అన్నది ఒక పొర, ఏ రంగు అన్నది మరొకటి. మనిషి కన్ను అంచులను, నున్నదనాన్ని, గరుకును వెలుగు పొర నుంచే పట్టుకుంటుంది. రంగు పొర కాస్త పలచబడినా, అటూ ఇటూ ఒలికినా కన్ను పెద్దగా పట్టించుకోదు. జేపెగ్ ఫైళ్లు రంగు సమాచారాన్ని తరచూ పావు వంతుకు కుదించి దాచుకునేది ఈ ధైర్యంతోనే. ఇక్కడ కూడా ఆ ధైర్యమే పనికొస్తుంది. రంగు నాయిస్‌ను దాదాపు పూర్తిగా తీసేసినా ముఖం చెదరదు. వెలుగు నాయిస్‌ను పూర్తిగా తీస్తే ముఖమూ పోతుంది.

లైట్‌రూమ్‌లో Detail ప్యానెల్ కింద Color అన్న స్లైడర్ రా ఫైళ్లకు ముందుగానే 25 దగ్గర ఉంటుంది. ఫొటోను 100 శాతం సైజులో, నీడ ఎక్కువగా ఉన్న ముఖం మీద తెరిచి, ఆ స్లైడర్‌ను మచ్చలు పోయేదాకా పెంచాలి. మన ఫొటోలో 40 దగ్గర చిన్న చుక్కలు పోయాయి. గోడ మీద, చెంపల కింద అరచేయంత వెడల్పుగా పచ్చటి, ఊదా మేఘాలు మాత్రం మిగిలాయి. వీటికి Color పెంచి లాభం లేదు, కిందనున్న Smoothness పెంచాలి. 50 నుంచి 80కి తెస్తే అవి చాలావరకు కలిసిపోతాయి.

ఎక్కువైందని తెలుసుకోవడానికి చూడాల్సింది చెంపలు కాదు. చిన్నగా, ముదురు రంగులో ఉన్న వస్తువులను చూడాలి. ఆడవాళ్ళ నుదుటి మీద ఎర్రటి బొట్టు ఇందుకు మంచి కొలమానం. ఆరుగురి ఫొటోలో బొట్టు పది పదిహేను పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. రంగు తగ్గింపు హద్దు దాటితే బొట్టు చుట్టూ చర్మం గులాబీ రంగుకు తిరుగుతుంది, బొట్టు ఎరుపు వెలుస్తుంది. పెదవుల రంగు గడ్డం మీదకు జారడం, చీర అంచు జరీ బూడిదగా మారడం కూడా ఇదే కోవలోవి. అప్పుడు Color కిందనున్న Detail స్లైడర్‌ను 50 నుంచి 60, 65 దాకా పెంచితే సన్నటి రంగు అంచులు తిరిగి నిలబడతాయి. మరీ పెంచితే మళ్ళీ రంగు చుక్కలు తిరిగొస్తాయి.

ఇంతవరకు చేసి ఒకసారి ఆగి ఫొటో మొత్తం చూడాలి. చాలా ఫొటోల్లో సగం పని ఇక్కడికే అయిపోతుంది. మిగిలినది రంగులేని సన్నని గరుకు. పాత ఫిల్ములో ఇలాంటి గరుకు ఉండేది, దాన్ని ఎవరూ లోపమనుకోలేదు. కంటికి ఎబ్బెట్టుగా అనిపించేది ఎక్కువగా రంగు మచ్చలే.

ముఖం ఎందుకు కరిగిపోతుంది

వెలుగు నాయిస్‌ను తగ్గించే మామూలు స్లైడర్ పద్ధతులు పేర్లలో ఎన్ని రకాలున్నా, అడుగున చేసేది చాలావరకు ఒకటే. ఒక పిక్సెల్‌ను దానిలాంటి మరికొన్ని పిక్సెళ్లతో కలిపి సగటు తీస్తాయి. నలుగురి సగటు తీస్తే హెచ్చుతగ్గు సగానికి పడిపోతుంది. ఏవి ఒకేలాంటివో తేల్చడంలోనే చిక్కంతా ఉంది. కనుబొమకు, నుదుటికి మధ్య వెలుగు తేడా నాయిస్ కన్నా చాలా పెద్దది కాబట్టి దాన్ని అంచుగా గుర్తించి వదిలేస్తాయి. చెంప మీద చర్మపు గుంటలు, మొటిమ మచ్చ, రెండు రోజుల గడ్డం, కంటి కింద సన్నటి ముడత, వీటిలో తేడా నాయిస్‌తో సమానంగానో అంతకన్నా తక్కువగానో ఉంటుంది. వాటిని నాయిస్ నుంచి విడదీసే ఆధారం ఆ పద్ధతి దగ్గర లేదు. అందుకే బలమైన అంచులు మిగిలి, బలహీనమైనవన్నీ మాయమై, పదునైన కళ్ళతో మైనపు ముఖం తయారవుతుంది.

అయితే ఆరుగురి ఫొటోలో కాపాడాల్సింది ఎంత ఉందో కూడా లెక్క వేసుకోవాలి. 6,000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఆరుగురు పక్కపక్కన నిలబడితే ఒక్కో ముఖానికి దక్కేది 400, 450 పిక్సెళ్లు. ఆ సైజులో చర్మపు గుంటలు ఎలాగూ నమోదు కావు. చెంప మీద గుంటల్లా కనిపించేది చాలావరకు నాయిసే. నిజంగా ఉన్నవి, పోతే మనిషి మనిషిలా ఉండనివి వేరే ఉన్నాయి. కనురెప్పల గీత, కనుబొమ వెంట్రుకలు, గడ్డం, మీసం అంచు, ముక్కుపుడక మెరుపు, కళ్ళజోడు ఫ్రేము, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోటు. వీటితోపాటు ముక్కు పక్క నుంచి చెంప మీదకు మెల్లగా దిగే నీడ. ఈ నీడే ముఖానికి గుండ్రదనాన్ని ఇస్తుంది. నునుపు ఎక్కువైతే అది మెట్లు మెట్లుగా విరిగి, ముఖం బల్లపరుపుగా మారుతుంది. గుంటలు పోవడం కన్నా ఈ గుండ్రదనం పోవడమే పెద్ద నష్టం.

మోతాదు ఎంచుకోవడానికి మగవాళ్ళ గడ్డం మంచి పరీక్ష. రెండు మూడు రోజుల గడ్డం ఉన్న ముఖాన్ని 100 శాతంలో తెరిచి, అదే Detail ప్యానెల్‌లో వెలుగు నాయిస్‌ను తగ్గించే Luminance స్లైడర్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ పోవాలి. ఒక చోట గడ్డం వెంట్రుకల గరుకు పోయి, పెన్సిల్‌తో పూసిన నల్లటి పొరలా మారుతుంది. మన ఫొటోలో అది 33 దగ్గర జరిగింది. అక్కడి నుంచి మూడో వంతు వెనక్కి వచ్చి 22 దగ్గర ఆగితే, అది ముఖాలు భరించే మోతాదు. కిందనున్న Detail స్లైడర్ ఏది నాయిస్, ఏది వివరం అన్న గీతను జరుపుతుంది. మొదట్లో 50 ఉంటుంది, 65కు తెస్తే రెప్పలు, కనుబొమలు ఇంకాస్త నిలబడతాయి. Contrast అన్నది గ్రూప్ ఫొటోలకు సున్నా దగ్గరే ఉంచడం మంచిది, పెంచితే చెంపల మీద మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

22 దగ్గర గరుకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. కనిపించనివ్వాలి. ఇక్కడ ఓపిక పట్టలేక 45 దాకా వెళ్ళడమే దాదాపు అందరూ చేసే పని.

మిగతా చోట్ల అదనం

ముఖానికి తగిన మోతాదును ఫొటో మొత్తానికి పెట్టాం కాబట్టి, ఇప్పుడు గోడకు, ఆకాశానికి, నేలకు, నల్ల ప్యాంట్లకు అదనంగా వేయాలి. ముందు ఎక్కువ పెట్టి తర్వాత ముఖాల దగ్గర తగ్గించుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ పద్ధతిలో మాస్క్, అంటే మార్పు ఎక్కడ పడాలో చెబుతూ మనం పూసే భాగం, ఒక చోట జారినా ఒక చెవి, ఒక గడ్డం మైనంగా మిగిలిపోతుంది. ఈ వరసలో మాస్క్ జారితే గోడ మీద కాస్త గరుకు మిగులుతుంది, అంతే.

Masking లో Brush తీసుకుని, Feather 80 పైన ఉంచి, వెనకాల ఉన్నదంతా పూయాలి. ఆ మాస్క్‌లో Noise స్లైడర్ 50, Texture సున్నా కన్నా ఇరవై తక్కువ. జుట్టు దగ్గరికి వచ్చినప్పుడు బ్రష్ తల అంచును తాకేదాకా పోవాలి కానీ ముఖం మీదకు రాకూడదు. భయపడి దూరంగా ఆపేస్తే తల చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గరుకు వలయం ఒకటి మిగులుతుంది, దేవుడి పటంలో మాదిరి. నున్నటి గోడ మధ్య ఆ వలయం ఫొటో ఎడిట్ అయిందని ముందే చెప్పేస్తుంది. జుట్టులోకి ఒకట్రెండు వేళ్ల మేర పోయినా నష్టం లేదు, నల్లటి జుట్టు లోపలి భాగం ఎలాగూ నునుపును భరిస్తుంది. నుదుటి దగ్గర విడివిడిగా లేచే వెంట్రుకలను మాత్రం వదిలేయాలి.

ఎక్కువ గరుకున్న ముఖానికి, అంటే చివర నిలబడిన చామనఛాయ స్నేహితుడికి, విడిగా ఒక మాస్క్ కావాలి. అందులో Noise 15 చాలు. కళ్ళు, కనుబొమలు, పెదవులు, మీసం వదిలేసి నుదురు, చెంపలు, మెడ మీదే పూయాలి. ఆ ముఖాన్ని మిగతా వాళ్ళతో సమానంగా వెలిగించాలన్న ఆలోచన రాకమానదు. అర స్టాప్ వరకు పరవాలేదు. అంతకు మించి వెలిగిస్తే లేని వివరాన్ని పిలుస్తున్నట్టే, వచ్చేది నాయిస్ ఒక్కటే. పైగా మనిషి రంగును ఎడిటింగ్‌లో మార్చడం ఆ మనిషికి నచ్చుతుందని అనుకోవడానికీ లేదు.

నీడల విషయంలో దీనికి తిరుగు మందు వాడాలి. Shadows స్లైడర్‌ను పెంచి పిట్టగోడ కింద ఏముందో చూపించాలనుకోవడం వల్ల ఎంత నాయిస్ పైకి వస్తుందో, Blacks ను పదిహేను తగ్గించడం వల్ల అంత నాయిస్ చీకట్లో కలిసిపోతుంది. ఖర్చు లేని నాయిస్ తగ్గింపు ఇది. పిట్టగోడ కింద చెప్పులు కనిపించకపోతే ఫొటోకు వచ్చిన లోటు ఏమీ లేదు.

షార్పెనింగ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. లైట్‌రూమ్ రా ఫైలుకు తనంతట తనే Amount 40 పెడుతుంది, షార్పెనింగ్ వరుసలోనే ఉండే Masking అన్న స్లైడర్‌ను సున్నా దగ్గర ఉంచుతుంది. అంటే అంచులకు ఎంత పదును పెడుతుందో చెంప మీద గరుకుకూ అంతే పెడుతుంది. ఒక చేత్తో నాయిస్ తగ్గిస్తూ ఇంకో చేత్తో పెంచుతున్నామన్నమాట. కీబోర్డు మీద Alt నొక్కిపెట్టి Masking జరిపితే తెర నలుపు తెలుపు బొమ్మగా మారుతుంది. తెల్లగా ఉన్నచోటే పదును పడుతుంది. చెంపలు, నుదురు పూర్తిగా నల్లబడి, కళ్ళు, జుట్టు అంచు, కళ్ళజోళ్లు తెల్లగీతలుగా మిగిలేదాకా పెంచాలి. నాయిస్ ఎక్కువున్న ఫొటోల్లో ఇది 75, 85 దాకా పోతుంది. షార్పెనింగ్ వరుసలోని Detail ను 25 నుంచి 10కి దించితే గరుకు ఇంకాస్త సద్దుమణుగుతుంది. ముఖాల్లో గరుకు ఎక్కువైందని అనుకున్న ఫొటోల్లో చాలావాటికి ఈ ఒక్క Masking సర్దితేనే సరిపోతుంది.

అన్నీ అయ్యాక చివర్లో Effects ప్యానెల్‌లో Grain కొద్దిగా వేయాలన్న సలహా వింటే వెర్రిగా ఉంటుంది. ఇంత కష్టపడి తీసేసింది మళ్ళీ ఎందుకు? ఇప్పుడు గోడ ఒక నునుపులో, ముఖాలు ఒక గరుకులో ఉన్నాయి. ఆ తేడా వల్ల మనుషులను వేరే ఫొటో నుంచి కత్తిరించి అతికించినట్టు అనిపిస్తుంది. Amount 12, Size 20 చొప్పున వేస్తే రెండింటి మీదా ఒకే రకం సన్నని గరుకు పడి అతుకు కనిపించదు. మెల్లగా చీకటిలోకి జారే గోడ మీద రంగు చారలు రాకుండా కూడా ఇది ఆపుతుంది.

ఎంత సైజులో చూస్తారు

100 శాతంలో చూసి నిర్ణయించడం మోతాదు వెతకడానికి అవసరం. ఫొటో బాగుందా లేదా అన్న తీర్పుకు ఆ సైజు పనికిరాదు. ఆ ఆరుగురిలో ఎవరూ దాన్ని అలా చూడరు. 6,000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోను 2,000కు కుదిస్తే, పాత పిక్సెళ్లు తొమ్మిది కలిసి ఒక కొత్త పిక్సెల్ అవుతాయి. తొమ్మిదింటి సగటులో హెచ్చుతగ్గు మూడో వంతుకు దగ్గరగా పడిపోతుంది. పక్కపక్క పిక్సెళ్ల నాయిస్ కొంత కలిసిపోయి ఉంటుంది కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా రాకపోవచ్చు, కానీ కుదింపు చేసే మేలు ఏ స్లైడరూ చేయలేనంత పెద్దది. అందులో ముఖం చెడదు కూడా. ఆరుకు నాలుగు అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున కావాల్సింది 1,800కు 1,200 పిక్సెళ్లే. కాబట్టి ప్రింటుకైనా, ఫోన్ తెరకైనా పంపే ఫొటోను మొదట ఆ సైజుకు కుదించి చూసి, అప్పటికీ గరుకు ఇబ్బంది పెడుతుంటేనే Luminance మీద చేయి వేయాలి. 22 పెట్టినచోట 12 సరిపోయిందని తేలడం తరచూ జరుగుతుంది. గోడకు వేలాడదీసే పెద్ద ప్రింటు అయితేనే పైన చెప్పిన మాస్కులన్నీ నిజంగా పనికొస్తాయి.

ఫోన్ జేపెగ్ సంగతి

ఫోన్ ఇచ్చే జేపెగ్‌లో ఈ పనంతా ఒకసారి జరిగిపోయి ఉంటుంది. ఫోన్ తనే నాయిస్ తగ్గించి, తనే పదును పెట్టి, కుదించి దాచుతుంది. అందులో మిగిలిన నాయిస్ పిక్సెల్ సైజు చుక్కల్లా ఉండదు. నాలుగైదు పిక్సెళ్ల వెడల్పు ముద్దలుగా ఉంటుంది. రా ఫైలు కోసం రాసిన స్లైడర్లు ఆ ముద్దలను వివరమనుకుని వదిలేస్తాయి, పక్కనున్న అసలు వివరాన్ని మాత్రం తుడిచేస్తాయి.

ఇక్కడ గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేత్తో చేసే పద్ధతి మెరుగు. ముందు ఫొటోను సగానికి కుదించాలి, ముద్దలు రెండు పిక్సెళ్లకు దిగుతాయి. తర్వాత లేయర్‌కు కాపీ తీసి, పై కాపీ మీద Gaussian Blur ఆరు పిక్సెళ్ల మేర వేసి, దాని మోడ్‌ను LCh Color కు మార్చాలి. వెలుగు కింది లేయర్ నుంచి వస్తుంది, రంగు మాత్రం పలచబడిన పై లేయర్ నుంచి వస్తుంది. ముఖం పదును చెక్కు చెదరదు, రంగు మచ్చలు పోతాయి. బొట్టు, పెదవులు, జరీ అంచు ఉన్నచోట లేయర్ మాస్క్ మీద నలుపు పూస్తే వాటి అసలు రంగు తిరిగొస్తుంది.

వెలుగు గరుకుకు, రెండు లేయర్లనూ ఒకటిగా కలిపి Filters మెనూలో Enhance కిందనున్న Wavelet-decompose వాడవచ్చు. అది ఫొటోను వివరం సైజును బట్టి విడి లేయర్లుగా పంచుతుంది. మొదటి రెండు లేయర్లలో సన్నని గరుకు, రెప్పలు, వెంట్రుకలు ఉంటాయి. మూడో దానిలో ఫోన్ నాయిస్ ముద్దలు, ముఖ కవళికలు కలిసి ఉంటాయి. రెండో, మూడో లేయర్లకు తెల్ల మాస్కులు పెట్టి, చెంపలు, నుదురు, గోడ మీద ముప్పై శాతం బలంతో నలుపు బ్రష్ మెల్లగా తిప్పితే ఆ ముద్దలు అక్కడ తగ్గుతాయి. మొదటి లేయర్‌ను ముట్టుకోకపోతే చర్మం మీద సన్నని గరుకు మిగిలి, మైనం ఛాయ రాదు. ఒక్కో ముఖానికి ఒకట్రెండు నిమిషాల పని.

ఫోన్ అప్పటికే తుడిచేసిన గడ్డాన్ని, రెప్పలను ఏ పద్ధతీ తిరిగి తేలేదు. అలాంటి ముఖం మీద ఇంకా నునుపు వేయకుండా, పైన చెప్పినట్టు సన్నని గ్రెయిన్ కొద్దిగా చల్లడమే మేలు. ఇంకొన్ని ఫొటోల్లో జబ్బు నాయిస్ అసలు కాదు. సెకనులో 60వ వంతులో నవ్వుతూ తల ఊపిన మనిషి ముఖం కదలిక వల్ల చెదురుతుంది. దాన్ని గుర్తించడానికి కళ్ళలో మెరిసే బల్బు చుక్కను చూడాలి. చుక్క గుండ్రంగా ఉండి చుట్టూ గరుకుంటే అది నాయిస్, పైన చెప్పినదంతా పనిచేస్తుంది. చుక్క ఒక వైపుకు గీతలా సాగి ఉంటే ఆ ముఖం కదిలింది. నాయిస్ తగ్గిస్తే అది ఇంకా మసకబారుతుంది. గరుకు ఉంటేనే కదిలిన ముఖం కాస్త పదునుగా ఉన్న భ్రమ కలుగుతుంది కాబట్టి, ఆ ముఖం దగ్గర Luminance పూర్తిగా ఆపేసి, అదే నిమిషంలో తీసిన పక్క ఫ్రేముల్లో ఆ మనిషి తల నిలకడగా ఉన్నదేదో వెతకాలి.